పైపు గదిలోంచి ఎటు పోతుందో చూశాకే కమోడ్

శనివారం పొద్దున్నే తణుకు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, కమోడ్ దిగింది. మేస్త్రి పెట్టె విప్పి చూసి, ఇది మన గదికి పట్టదంటున్నాడు" అన్నాడు. వెనక నుంచి మేస్త్రి గొంతు వినిపిస్తోంది. "పైపు గోడలోంచి బయటికి పోతోందండీ. మీరు తెచ్చిందానికి కన్నం అడుగున ఉందండీ. రెంటికీ ఎలా కలుస్తదండీ?" కొట్టువాడు పెట్టె విప్పాక వెనక్కి తీసుకోనన్నాడు. పన్నెండు వేలు పెట్టి కొన్న కమోడ్ మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది.

ఇళ్ల మరమ్మతు పనులు చేయించడం నా వృత్తి. ఈ పొరపాటు నేను చూడని సంవత్సరం లేదు. అందరూ రంగు చూస్తారు, ఆకారం చూస్తారు, మూత మెల్లగా పడుతుందా లేదా అని చూస్తారు. ఉన్న డ్రైనేజీ పైపు గదిలోంచి ఏ దారిన బయటికి పోతోందో మాత్రం చూడరు. గోడలోంచి పోయే పైపు ఉన్నచోట ఒక రకం కమోడే కూర్చుంటుంది. నేలలోకి దిగే పైపు ఉన్నచోట ఇంకో రకం కూర్చుంటుంది. ఇది మనం మనసుపడి ఎంచుకునేది కాదు. ఇల్లు కట్టిన రోజునే తేలిపోయిన విషయం.

కొట్లో వీటిని పీ ట్రాప్, ఎస్ ట్రాప్ అంటారు. ట్రాప్ అంటే కమోడ్ లోపల నీరు ఎప్పుడూ నిలిచి ఉండే వంపు. ఆ నీరు రెండు అంగుళాల లోతున, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు, అడ్డంగా నిలబడి సెప్టిక్ ట్యాంకు వాసననీ పురుగుల్నీ గదిలోకి రానివ్వదు. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంట్ తీసుకున్నది ఈ వంపు ఉన్న మరుగుదొడ్డికే. వంపు రెండు రకాల్లోనూ ఉంటుంది. నీరు లోపలికి దిగి, వంపులో పైకెక్కి, అవతలికి దూకడం వరకు రెంటిదీ ఒకే నడక. తేడా అంతా ఆ తర్వాత మొదలవుతుంది. పీ రకంలో నీరు అడ్డంగా వెనక్కి, గోడ వైపు పోతుంది. ఎస్ రకంలో ఇంకో మలుపు తిరిగి నేరుగా కిందికి, నేలలోకి దిగుతుంది.

కొట్లో కమోడ్‌ను వెనక్కి తిప్పించి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. వెనక భాగంలో జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తున, గోడ వైపు నోరు తెరుచుకుని గుండ్రటి గొట్టం కనిపిస్తే అది పీ. వెనక ఏమీ లేకుండా, వంచి చూస్తే అడుగున పెద్ద కన్నం ఉంటే అది ఎస్. రెంటిలో ఇది గొప్ప, అది తక్కువ అన్నది లేదు. ఫ్లష్ బలం గిన్నె ఆకారాన్ని బట్టి, ట్యాంకును బట్టి ఉంటుంది కానీ బయటికి పోయే దిక్కును బట్టి ఉండదు. కాబట్టి "ఏది మంచిదండీ?" అని కొట్టువాణ్ని అడిగితే జవాబు దొరకదు. ఆ జవాబు మన ఇంటి గోడ దగ్గరే ఉంది.

తణుకులో ఇల్లు నాన్న 1980ల్లో కట్టించింది. అమ్మ ఉండేది మేడ మీద. అక్కడి మరుగుదొడ్డి ఇండియన్ టైపు. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ శ్లాబును ఒక అడుగు వరకు కిందికి దించి పోస్తారు. దాన్ని సంకెన్ శ్లాబు అంటారు. పైపులన్నీ ఆ గుంటలో పరిచి, పైన నింపి టైల్స్ వేస్తారు. అప్పట్లో మా ఊళ్లో మేడ మీద శ్లాబు అంతటా ఒకే మట్టంలో పోసేశారు. పాన్‌కీ దాని కింది వంపుకీ కలిపి అడుగున్నరకు పైగా లోతు కావాలి. శ్లాబులో ఆ లోతు లేదు కాబట్టి గదిలోనే అడుగున్నర ఎత్తు దిమ్మ కట్టి, పాన్‌ను దాని మీద కూర్చోబెట్టారు. రెండు మెట్లు ఎక్కితే గాని పాన్ దగ్గరికి చేరలేం. డెబ్బై దాటి మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మకు కూర్చుని లేవడం ఒక బాధ, ఆ తడి మెట్లు దిగడం ఇంకో బాధ. దిమ్మ మొత్తం తీసేసి కమోడ్ పెట్టాలన్నది ఆలోచన. తమ్ముడు తొందరపడి ఎస్ రకం తెచ్చేశాడు.

నేను వెళ్లేసరికి దిమ్మ ఇంకా కొట్టలేదు. అది మంచిదే అయింది. పగలగొట్టక ముందే పైపు ఏ మట్టంలో పోతుందో తెలుసుకునే దారి ఒకటుంది. టేపు ఒక్కటి చాలు.

చాలామంది బయటికి వెళ్లి గోడకు పైపు కనిపించగానే "గోడలోంచే పోతోంది, పీ తెచ్చేద్దాం" అనేస్తారు. అది సగం నిజమే. సంకెన్ శ్లాబు ఉన్న ఇంట్లో కూడా పైపు చివరికి గోడ దాటి బయటికి రావలసిందే. కాకపోతే అక్కడ అది గది గచ్చు కన్నా కిందినుంచి వస్తుంది. బయట నిలబడి చూస్తే లోపలి గచ్చు ఎక్కడుందో మనకు తెలియదు. అందుకని లోపలా బయటా రెండు వైపులా కనిపించే గుర్తు ఒకటి పట్టుకోవాలి. బాత్‌రూమ్ వెంటిలేటర్ ఫ్రేమ్ అడుగు అంచు దీనికి సరిగ్గా పనికొస్తుంది.

లోపల వెంటిలేటర్ ఫ్రేమ్ అడుగు నుంచి గచ్చు వరకు కొలిచాను. 1800 మిల్లీమీటర్లు. కొలవాల్సింది దిమ్మ మీదికి కాదు, దిమ్మ ముందున్న మామూలు గచ్చు మీదికి. బయట నిచ్చెన వేసి, అదే అంచు నుంచి పైపు గోడలోంచి వచ్చేచోటికి తమ్ముడి చేత కొలిపించాను. పైపు పై అంచుకు 1645, కింది అంచుకు 1755 వచ్చింది. రెంటికీ నడిమి లెక్క 1700. అంటే పైపు నడిబొడ్డు లోపలి గచ్చు కన్నా 100 మిల్లీమీటర్లు, సుమారు నాలుగంగుళాలు, ఎత్తున ఉంది. పైపు గచ్చు పైనుంచే పోతోంది. పీ రకం తప్ప ఇంకోటి ఇక్కడ పట్టదు. అదే బయటి కొలత 2000 వచ్చి ఉంటే పైపు గచ్చుకు 200 మిల్లీమీటర్లు కిందినుంచి పోతున్నట్టు. అప్పుడు తమ్ముడు తెచ్చిన రకమే సరిపోయేది.

మేస్త్రి ఇంకో మాట అన్నాడు. "తెచ్చింది ఎలాగూ తెచ్చేశారు కదండీ, ఒక అడుగు దిమ్మ ఉంచేసి దాని మీద ఇదే కూర్చోబెట్టేద్దామండీ." వింటే సులువుగానే ఉంటుంది. దిమ్మ లోపల కింది కన్నానికి ఒక బెండు వేసి, అక్కడి నుంచి గోడలోని పైపులోకి కలపొచ్చు. కానీ బెండుకీ పైపుకీ కలిపి కనీసం తొమ్మిది అంగుళాల ఎత్తు కావాలి. అమ్మ ఏ మెట్టుకు భయపడుతోందో ఆ మెట్టు మళ్లీ అక్కడే మిగులుతుంది. పైగా ఆ జాయింటు దిమ్మ లోపల కప్పడిపోతుంది. రేపు కారితే దిమ్మ పగలగొట్టే చూడాలి. శ్లాబుకే కన్నం పెడదామా అంటే, లోపలి ఊచలు తెగుతాయి, కింద అద్దెకున్నవాళ్ల వంటింటి కప్పులోంచి లెట్రిన్ పైపు వేలాడుతుంది. రెంటికీ నేను ఒప్పుకోలేదు. తెచ్చిన కమోడ్‌ను పక్కనబెట్టి పీ రకం తెప్పించాను. పన్నెండు వేలు పోయినా ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం.

అయితే పీ రకం అని తేలినంత మాత్రాన పని అయిపోలేదు. మన మార్కెట్లో నేల మీద కూర్చునే పీ రకం కమోడ్లలో ఎక్కువవాటికి వెనక గొట్టం నడిబొడ్డు, టైల్స్ పరిచిన నేల నుంచి 180 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. మా గోడలోని పైపు 100 దగ్గరుంది. ఎనభై తేడా. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. కమోడ్ గొట్టం కన్నా గోడ పైపు కాస్త కిందున్నా ఫరవాలేదు, నీరు పల్లానికి పోతుంది. కమోడ్ గొట్టం కన్నా గోడ పైపు ఒక్క అంగుళం పైనున్నా ప్రమాదమే. నీరు ఎదురెక్కలేక కనెక్టర్‌లోనే నిలుస్తుంది, మలం అక్కడే పేరుకుంటుంది, నెలా రెండు నెలల్లో అడ్డుపడుతుంది.

మాది కిందున్న పైపు కాబట్టి వంకర కనెక్టర్‌తో కలిపేయొచ్చు అనిపిస్తుంది. తేడా ఒకటి ఒకటిన్నర అంగుళమైతే అలాగే చేసేదాన్ని. దానికోసమే నడుములు కలవని రబ్బరు కనెక్టర్లు దొరుకుతాయి. ఎనభై మిల్లీమీటర్లంటే మూడంగుళాల పైమాటే. దానికి రెండు బెండ్లు వరసగా వేయాలి. ఆ రెండూ కలిసి కమోడ్‌ను గోడ నుంచి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు ముందుకు నెట్టేస్తాయి. మా గది వెనక గోడ నుంచి తలుపు వరకు 1350 మిల్లీమీటర్లే. కమోడ్ పొడవు 680. కూర్చున్న మనిషి మోకాళ్ల ముందు కనీసం 600 ఖాళీ ఉండాలి. రెండూ కలిపితే 1280. మిగిలేది డెబ్బై మిల్లీమీటర్లు, మూడంగుళాలు కూడా నిండా లేవు. బెండ్లు వేస్తే అమ్మ మోకాళ్లు తలుపుకు తగులుతాయి.

దారి బయట దొరికింది. గోడ దాటాక పైపు నేరుగా నిలువు పైపులో కలుస్తోంది. ఆ నిలువు పైపును కొన్నేళ్ల క్రితమే మార్చి పీవీసీ వేయించారు. ఇలాంటిచోట గోడకు కొత్త కన్నం కొట్టడమే తేలిక. దిమ్మ తీశాక, పాత పైపును గోడ దగ్గర కోసి సిమెంటుతో మూసేశాం. కొత్త టైల్స్ పైమట్టం ఎక్కడికి వస్తుందో ముందు గోడ మీద గీత గీయించాను. ఆ గీత నుంచి 180 మిల్లీమీటర్ల ఎత్తున గుర్తు పెట్టి కన్నం కొట్టించి, నిలువు పైపులో ఆ మట్టానికి కొత్త డోర్ టీ వేయించాను. డోర్ టీ అంటే బిరడా ఉన్న టీ. రేపెప్పుడైనా అడ్డుపడితే ఆ బిరడా విప్పి బయటినుంచే శుభ్రం చేయొచ్చు. గోడలోని పైపుకు వాలు అడుగుకు పావు అంగుళం పెట్టించాను.

గీత ముందు గీయించడం ఎందుకంటే, మేస్త్రీలు చాలామంది పాత గచ్చు మీది నుంచే కొలుస్తారు. టైల్, దాని కింది గమ్ము లేదా సిమెంటు కలిపి పదిహేను ఇరవై మిల్లీమీటర్లు లేస్తుంది. నేల లేస్తే కమోడ్ కూడా అంతే లేస్తుంది. కొత్త కన్నం పాత గచ్చు నుంచి 180కి కొడితే, టైల్స్ పడ్డాక అది 160 అయిపోతుంది. ఈ తప్పు కిందివైపు తప్పు కాబట్టి వంకర కనెక్టర్ కాపాడుతుంది. గచ్చు తవ్వి కిందికి దించేచోట మాత్రం అదే తప్పు పైవైపు పడుతుంది. అక్కడ ఏ కనెక్టరూ కాపాడదు.

ఇక నేలలోకి దిగే పైపు సంగతి. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇక్కడ ఎత్తుతో పని లేదు. గోడ నుంచి పైపు నడిబొడ్డు వరకు ఎంత దూరమన్నదే ప్రశ్న. ఎస్ కమోడ్లు మన దగ్గర ముఖ్యంగా మూడు కొలతల్లో వస్తాయి. 100, 220 లేదా 225, 300 మిల్లీమీటర్లు. ప్లంబర్ల లెక్కలో నాలుగు, తొమ్మిది, పన్నెండు అంగుళాలు. పెట్టె మీద ఎస్ అక్షరం పక్కన ఈ అంకె వేసి ఉంటుంది. పీ, ఎస్ తేడా తెలిసినవాళ్లు కూడా ఈ అంకె దగ్గర పొరబడుతుంటారు.

ఈ దూరాన్ని కొలవాల్సింది టైల్స్ వేసిన గోడ నుంచి. ఇటుక గోడ నుంచి కాదు, స్కర్టింగ్ నుంచి కాదు. మన గోడ నుంచి వచ్చిన దూరం కమోడ్ అంకెకు సమానంగా గానీ కాస్త ఎక్కువగా గానీ ఉండాలి. ఎక్కువైతే కమోడ్ వెనక ఆ మేరకు సందు మిగులుతుంది, అంతకు మించి నష్టం లేదు. తక్కువైతే కమోడ్ అసలు కూర్చోదు. వెనక భాగం గోడకు తగులుతుంది, కన్నం పైపు మీదికి రాదు.

మియాపూర్‌లో మా బంధువుల ఫ్లాట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పాత కమోడ్ తీసి కొలిస్తే పాత టైల్స్ గోడ నుంచి పైపు నడిమికి 230 మిల్లీమీటర్లు వచ్చింది. 220 కమోడ్ కొన్నారు. లెక్క సరిగ్గానే ఉంది. ఆ తర్వాత పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అంటించాలని అనుకున్నారు. అలా చేయడం ఇప్పుడు మామూలైపోయింది, దుమ్మూ ఖర్చూ తక్కువ. టైల్, గమ్ము కలిపి గోడ పదిహేను మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. 230 కాస్తా 215 అయింది. అయిదు మిల్లీమీటర్ల తేడాను పనివాళ్లు పట్టించుకోలేదు. కమోడ్‌ను కొద్దిగా ముందుకు పెట్టి, కింద కన్నం చుట్టూ తెల్ల సిమెంటు నింపి కూర్చోబెట్టేశారు. రబ్బరు రింగు ఒకవైపు మడతపడి, ఇంకోవైపు తెరుచుకుంది. మూడు వారాలకు కింది ఫ్లాట్ బాత్‌రూమ్ కప్పు మీద గోధుమరంగు చెమ్మ మచ్చ తేలింది. నన్ను పిలిచేసరికి తెల్ల సిమెంటు రాయిలా బిగిసిపోయింది. తీయబోతే కమోడ్ అడుగు అంచు పగిలింది.

అక్కడ చేసిన మరమ్మతు చిన్నదే. కమోడ్ వెనక ఉన్న ఆ ఒక్క గోడకు మాత్రం రెండు పొరల టైల్స్‌నూ ఊడదీసి ఒక పొరే వేయించాను. దూరం మళ్లీ 230కి వచ్చింది. కొత్త 220 కమోడ్ వెనక పది మిల్లీమీటర్ల సందుతో హాయిగా కూర్చుంది.

నేలలోని పైపు నడిబొడ్డు కమోడ్ తీయకుండా కనిపించదు. బయటికి కనిపించే బోల్టులను బట్టి లెక్కేయొద్దు. మన కమోడ్లలో బోల్టు స్థానం కంపెనీకీ కంపెనీకీ మారుతుంది, పైపు నడిమికీ దానికీ సంబంధం ఉండాలనేమీ లేదు. ఇంట్లో ఇంకో బాత్‌రూమ్ ఉంటే నా సలహా ఒక్కటే. ముందు పాతది తీయించండి, కొలవండి, పైపు నోటికి గుడ్డ కుక్కి పైన ప్లాస్టిక్ కవరు కట్టండి, ఆ తర్వాత కొట్టుకు వెళ్లండి. రెండు రోజులు ఇంకో బాత్‌రూమ్‌తో సర్దుకోవచ్చు. ఒక్కటే బాత్‌రూమ్ అయితే పాత కమోడ్ మోడల్ పేరు మూత కిందో, ట్యాంకు లోపలో, వెనక వైపో దొరుకుతుందేమో చూడండి. దాన్నిబట్టి దాని కొలత తెలుస్తుంది.

మేడ మీద కాకుండా కింది అంతస్తులో ఉన్న ఇండియన్ పాన్ తీసి కమోడ్ పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ పాన్ కింద, భూమిలో, నీరు నిలిచే వంపు విడిగా ఉంటుంది. పాన్ తీసేశాక ఆ వంపు నోరు పైకి కనిపిస్తుంది. పనివాళ్లు దాని మీదే నేరుగా ఎస్ కమోడ్‌ను కూర్చోబెట్టేస్తారు, చూడ్డానికి చక్కగా అతికినట్టే ఉంటుంది. కానీ కమోడ్‌లోనే ఒక వంపు ఉంది. ఇప్పుడు రెండు నీటి అడ్డాలు, వాటి మధ్య బయటికి పోలేని గాలి. ఫ్లష్ నొక్కితే నీరు గిన్నెలో పైకి లేచి, గుడగుడమని నెమ్మదిగా దిగుతుంది. ఒక్కోసారి కడుపులోదంతా పోదు. ఇంట్లోవాళ్లు కమోడ్ నాసిరకమని తిట్టుకుంటారు, ట్యాంకు మారుస్తారు. దోషం నేల కింద ఉంటుంది. ఆ పాత వంపును తవ్వి తీసేసి, మామూలు పైపూ బెండూ వేసి పైకి తెచ్చాకే కమోడ్ పెట్టాలి. ఒక రోజు పని ఎక్కువ పడుతుంది, తప్పదు.

ఎటూ తేల్చుకోలేని ఇళ్లు కొన్ని ఉంటాయి. పైపు నేలలోకే దిగుతుంది గానీ గోడకు దగ్గరగానో దూరంగానో, పై మూడు కొలతల్లో దేనికీ సరిపోనిచోట ఉంటుంది. అలాంటప్పుడు పీ కమోడ్ తెచ్చి, వెనక గొట్టానికి కిందికి తిరిగే ప్లాస్టిక్ బెండు తగిలించి నేల పైపులోకి దించవచ్చు. గొట్టం 180 ఎత్తున ఉంటుంది కాబట్టి బెండు తిరగడానికి చోటు దొరుకుతుంది. కమోడ్ వెనక బెండు కనిపిస్తుంది, గోడ నుంచి కాస్త ముందుకు వస్తుంది, అంతే. దీనికి తిరుగుడు లేదు. ఎస్ కమోడ్ కన్నం నేలకు ఆనుకుని ఉంటుంది కాబట్టి, దాన్ని గోడ పైపుకు తిప్పే బెండుకు చోటే ఉండదు. పీ ని ఎస్ చేయొచ్చు, ఎస్ ని పీ చేయలేం. గోడకు వేలాడే కమోడ్లన్నీ పీ తీరువే. నేల పైపు ఉన్నచోట వాటిని పెట్టాలంటే గోడ ముందు ఇంకో సన్న గోడ కట్టి, లోపల పైపును పైకి తేవాలి. చిన్న గదుల్లో ఆ అడుగు చోటు పోగొట్టుకోవడం నాకిష్టం ఉండదు.

తణుకులో చివరి రోజు కమోడ్‌ను బిగించక ముందు ఉత్తినే పెట్టి చూశాం. కనెక్టర్ తొడిగి, గోడ పైపులోకి నెట్టి, స్పిరిట్ లెవెల్ గిన్నె అంచు మీద అటూ ఇటూ పెట్టాం. నేల మీద కమోడ్ అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాం. నాలుగు పేపరు ముక్కలు నలిపి వేసి, ఒక్క ఊపున ఫ్లష్ చేశాం. ఆరు లీటర్ల నీటికి అన్నీ ఒక్కసారే పోయాయి. కనెక్టర్ చుట్టూ పొడిగుడ్డ తుడిచి చూస్తే తడి లేదు. తర్వాతే బోల్టులు బిగించి, అడుగు చుట్టూ సిలికాన్ వేయించాను. జాయింటులో సిమెంటు పెడతానని మేస్త్రి మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ వద్దన్నాను. రబ్బరు కనెక్టర్ సరిగ్గా కూర్చుంటే సిమెంటు అవసరం లేదు. సిమెంటు అవసరమైందంటే కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట.

బిగించిన తర్వాత మొదటి నెల కాస్త కనిపెట్టుకుని ఉండాలి. గిన్నెలో నీరు రోజూ ఒకే మట్టంలో నిలవాలి. ఫ్లష్ చేశాక నీరు పైకి లేచి దిగుతుంటే వాలులోనో వంపులోనో లోపం. గిన్నెలో నీరు ఉన్నా వాసన వస్తుంటే జాయింటు తెరుచుకుంది. అడుగు చుట్టూ పొద్దున పూట తడి గీత కనిపిస్తే నీరు కారుతోంది. మేడ మీద అయితే కింది గది కప్పును కూడా వారానికోసారి చూడండి. చెమ్మ ముందు అక్కడే కనిపిస్తుంది.

అమ్మ ఇప్పుడు మెట్లు లేని గదిలోకి గోడకు బిగించిన కమ్మీ పట్టుకుని తనంతట తానే వెళ్లొస్తోంది. మెట్ల కిందున్న ఎస్ కమోడ్‌ను, దాని పెట్టె మీద ఉన్న 300 అంకెకు సరిపడే గది ఎవరికైనా ఉందేమోనని తమ్ముడు ఇంకా వాకబు చేస్తూనే ఉన్నాడు.

మీ ఇంట్లో బాత్‌రూమ్ పని నడుస్తుంటే ఒక్క కోరిక. టైల్స్ పరిచేయక ముందు, పైపు నోటికి టేపు ఆనించి, అంకెలు కనిపించేలా ఫోటో తీయండి. గోడ నుంచి ఎంత, నేల నుంచి ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కమోడ్‌ను మార్చేవాళ్లకు ఆ కాగితం ఉంటే గోడ తడమక్కర్లేదు.